మత్తు దిగాక మిగిలేది

మానసిక వైద్యుడిగా ఓపీలో కూర్చున్నంత కాలం తల్లిదండ్రుల నోట నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, మావాడికిది గంజాయి వల్ల వచ్చిందా, లేకపోతే అసలు పిచ్చేనా?" అసలు పిచ్చి అంటే వాళ్ల ఉద్దేశంలో స్కిజోఫ్రీనియా. గంజాయి వల్లే అంటే ప్రాణం లేచొస్తుంది. మాన్పిస్తే పోతుంది, పెళ్లికి అడ్డు రాదు. కొందరు తండ్రులు మాత్రం దీనికి ఎదురు కోరుకుంటారు. కొడుకు గంజాయి తాగాడని ఊళ్లో తెలియడం కన్నా జబ్బు అనిపించుకోవడమే వాళ్లకు మేలు. ఎవరికి కావలసిన జవాబు వాళ్ల కళ్లలోనే కనిపిస్తూ ఉంటుంది. వయసులో ఉన్నప్పుడు నేను ఆ కళ్లు చూసి తొందరగా చెప్పేసేవాణ్ని. ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్న పిల్లల కోసం, ఇంట్లో ఇలాంటి కష్టం పడుతున్నవాళ్ల కోసం, నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

1. తొలిరోజే పేరు పెట్టకూడదు.

ఒక కుర్రవాడిని మీ ముందుంచుతాను. ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇంజనీరింగ్ మూడో ఏడు, ఇరవై ఏళ్లు. తండ్రి, మేనమామ చెరో రెక్కా పట్టుకుని తీసుకొచ్చారు. నాలుగు రాత్రులుగా నిద్ర లేదు. తన గదిలో సీలింగ్ ఫ్యాన్ కప్పు వెనక కెమెరా పెట్టారని స్క్రూడ్రైవర్‌తో ఫ్యాన్ విప్పేశాడు. ఫోన్లో సిమ్ తీసి చెప్పు అట్టలో దాచాడు. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఎవరు ఏ బొమ్మ పెట్టినా అది తనకు హెచ్చరికే అంటాడు. నాతో మాట్లాడుతూ మధ్యలో ఆగి గోడ వైపు చెవి పెట్టాడు. ఏం వినిపిస్తోందని అడిగితే, ఇద్దరు మగవాళ్లు తన గురించి చెప్పుకుంటున్నారన్నాడు: "ఇదుగో కూర్చున్నాడు, ఇప్పుడు డాక్టరుకి చెప్తున్నాడు చూడు."

మనిషి చేసే ప్రతి పనినీ ఇలా వ్యాఖ్యానించే గొంతులు స్కిజోఫ్రీనియాకు ప్రధాన లక్షణమని మా తరానికి నేర్పారు. కర్ట్ ష్నైడర్ అనే జర్మన్ వైద్యుడు కూర్చిన జాబితాలో అది ఉంటుంది. తన ఆలోచనలు బయటికి వినిపిస్తున్నాయనడం, ఎవరో తన తలలో ఆలోచనలు పెడుతున్నారనడం కూడా ఆ జాబితాలోవే. పరీక్షలో మార్కులకు అది పనికొచ్చింది కానీ, మంచం పక్కన నిలబడ్డాక నమ్ముకోదగ్గది కాదు. గంజాయితో మతి చలించినవాడికీ, మెథాంఫెటమైన్ పీల్చినవాడికీ అవే గొంతులు, అవే అనుమానాలు రావచ్చు. కంటికి లేనిపోనివి కనిపిస్తే మత్తు పదార్థం వైపు, చెవికి వినిపిస్తే స్కిజోఫ్రీనియా వైపు మొగ్గుతుందని ఒక లెక్క ఉంది. అది మొగ్గు మాత్రమే. ఒక్కరోజు చూపుతో ఈ రెండింటినీ విడదీయగల లక్షణమేదీ నాకు దొరకలేదు. ఆ కుర్రవాడి కేస్ షీటులో ఆ రోజు "సైకోసిస్, కారణం తేలాలి" అని మాత్రమే రాశాను.

2. మనసు కన్నా ముందు ఒళ్లు చూడాలి.

పిచ్చిగా మాట్లాడుతున్నాడనగానే మానసిక వార్డుకు పంపేస్తారు. అక్కడ మొదట తేల్చాల్సింది, మనిషికి స్పృహ తేటగా ఉందా, మసకబారిందా అని. ఇవాళ ఏ వారం, ఇది ఏ ఊరు, నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పు - ఈ మూడూ అడగడానికి రెండు నిమిషాలు పట్టదు. మా కుర్రవాడు తడబడకుండా జనవరి దాకా చెప్పాడు. నాడి కొంచెం వేగంగా ఉంది, కళ్లు ఎర్రబడ్డాయి, జ్వరం లేదు, చేతుల్లో వణుకు లేదు. అంటే స్పృహ తేటగా ఉంది, మతి మాత్రమే దారి తప్పింది. సైకోసిస్ అంటే ఇదే.

స్పృహ మసకబారితే దాన్ని డెలీరియం అంటాం. అది వేరే కథ, ప్రాణాపాయం. కాలు విరిగి ఆర్థో వార్డులో చేరినవాడు మూడో రాత్రి లేచి దుప్పటి మీద చీమలు దులుపుతుంటాడు, భార్యను నర్సు అనుకుంటాడు, చెమటలు, వణుకు, జ్వరం. ఎవరూ అడగలేదు గానీ, అతను రోజూ తాగేవాడు. ఆసుపత్రిలో చేరడంతో తాగుడు ఆగిపోయింది. మద్యం ఆగిన రెండు మూడు రోజులకు వచ్చే డెలీరియం ట్రెమెన్స్ అది. దానికి కావలసింది లోరాజెపామ్, డయాజెపామ్ వంటి మందులు, నరంలోకి థయమిన్, ఒంట్లో నీరు-లవణాల సవరణ. పిచ్చి మందులొక్కటే ఇచ్చి కట్టేసి పడుకోబెడితే మనిషి దక్కకపోవచ్చు.

తెలంగాణలో దీనికి ఇంకో రూపం ఉంది, కల్తీ కల్లు. చెట్టు నుంచి దించిన కల్లులో అంత మత్తు ఉండదు. దుకాణాల్లో దానికి ఆల్ప్రజోలామ్, డయాజెపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. తాగేవాళ్లకు తాము నిద్రమాత్రలకు అలవాటు పడ్డామనే సంగతే తెలియదు. 2015లో కల్తీ మీద దాడులు జరిగి కల్లు దొరక్కుండా పోయినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో జనం ఫిట్స్‌తో, తమలో తాము మాట్లాడుకుంటూ, ఎవరినీ గుర్తుపట్టలేని స్థితిలో ఆసుపత్రులకు వచ్చారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు రెండూ ఆగినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి ముందు అదే వరస. "తాగితే పిచ్చెక్కడం విన్నాం గానీ, మానితే ఎక్కడమేంటి" అని చాలామంది ఆశ్చర్యపోయారు. రోజూ అణిచి ఉంచిన మెదడు ఆ పట్టు ఒక్కసారిగా వదిలేస్తే అదుపు తప్పుతుంది. మద్యంలోనూ, నిద్రమాత్రల్లోనూ సూత్రం అదే.

ఉమ్మెత్త గింజలు తిన్నవాడిది కూడా డెలీరియమే. నోరు పిడచకట్టుకుపోయి, కంటిపాప పెద్దదై, ఒళ్లు కాలిపోతూ, గాల్లో ఏవో ఏరుకుంటుంటాడు. ఇక జ్వరంతో, ఫిట్స్‌తో, ఉన్నట్టుండి మతి మారిన ఏ పిల్లవాడికైనా మెదడువాపు గురించి ఆలోచించకుండా మానసిక జబ్బు అనకండి. రక్తంలో చక్కెర, సోడియం చూడకుండా అసలే అనకండి.

3. ఏది ముందు వచ్చిందో కాగితం మీద గీసి చూడాలి.

నేను ఒక తెల్లకాగితం మీద రెండు గీతలు గీసేవాణ్ని. పై గీత మీద మత్తు ఎప్పుడు మొదలైంది, ఎంత, ఎప్పుడు పెరిగింది, ఆఖరుసారి ఎప్పుడు. కింది గీత మీద మనిషిలో మార్పు: నిద్ర, చదువు, స్నానం, స్నేహితులు, అనుమానం, గొంతులు. రెంటికీ ఒకే నెలల కొలత. ఇంత చిన్న పని ఇచ్చే సమాచారం ఏ స్కానూ ఇవ్వదు.

పై గీత తండ్రి చెప్పిన దాన్నిబట్టి గీస్తే ఖాళీగానే ఉండేది. "మావాడు సిగరెట్టు కూడా ముట్టడండీ" అన్నాడాయన, నిజంగానే నమ్మి. వరండాలో నిలబడ్డ రూమ్మేటును పక్కకు పిలిచి, పోలీసులకు చెప్పనని మాటిచ్చి అడిగితే సంగతి బయటపడింది. రెండో ఏడాది నుంచి శని, ఆదివారాలు గంజాయి. గత రెండు నెలలుగా రోజూ, రెండు మూడు సార్లు. ఈమధ్య ఎవరో తెచ్చిన సరుకు "చాలా స్ట్రాంగ్". ఆఖరుసారి తాగింది ఆసుపత్రికి రావడానికి ముందురోజు రాత్రి. కింది గీతకు చెల్లెలు సాయం చేసింది. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు మామూలుగా నవ్వుతూ ఉన్నాడు, గాలిపటాలు కట్టాడు, స్నేహితులతో సినిమాకెళ్లాడు. క్రితం సెమిస్టరు మార్కులు బాగానే ఉన్నాయి. నిద్ర చెడింది మూడు వారాల నుంచి, అనుమానాలు రెండు వారాల నుంచి.

ఇప్పుడు ఆ కాగితాన్ని నాలుగు ప్రశ్నలు అడగాలి. మత్తు మొదలవకముందే జబ్బు ఉందా? మత్తు పూర్తిగా ఆగాక నెల దాటినా లక్షణాలు ఉన్నాయా? మత్తు జోలికి పోని రోజుల్లో ఇదివరకు ఎప్పుడైనా ఇలా అయిందా? వాడిన దానికి మించిన తీవ్రత ఉందా? వీటిలో దేనికి అవునని వచ్చినా, మత్తు ఒక్కటే కారణం కాకపోవచ్చు. మా కుర్రవాడి విషయంలో మూడింటికి జవాబు "లేదు". రెండోదానికి ఇంకా వేళ కాలేదు.

మూత్రపరీక్ష గురించి ఒక మాట. స్ట్రిప్పు మీద గంజాయి ఉన్నట్టు తేలగానే నిర్ధారణ అయిపోయిందనుకునే డాక్టర్లను చూశాను. అప్పుడప్పుడు తాగేవాడి మూత్రంలో అది కొద్దిరోజులే ఉంటుంది, రోజూ తాగేవాడిలో నెల రోజులైనా ఉండొచ్చు. మెథాంఫెటమైన్, కొకైన్ రెండు మూడు రోజుల్లో పోతాయి. కొత్తగా వస్తున్న కృత్రిమ గంజాయి రసాయనాలు ఆ స్ట్రిప్పుకు చిక్కనే చిక్కవు. అంటే పరీక్ష పాజిటివ్ అయితే వాడాడని తెలుస్తుంది, జబ్బుకు అదే కారణమని తెలియదు. నెగిటివ్ అయితే వాడలేదనీ తెలియదు. రూమ్మేటు మాటే నాకు ఎక్కువ విలువైనది.

4. ఏ మత్తు పిచ్చి దానిదే.

గంజాయిలో మతి చెడగొట్టేది టీహెచ్‌సీ అనే పదార్థం. అది ఎంత ఎక్కువ ఉంటే, ఎంత తరచుగా వాడితే అంత ముప్పు. యూరప్‌లోనూ బ్రెజిల్‌లోనూ పలు చోట్ల సేకరించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, టీహెచ్‌సీ పది శాతం, అంతకు మించి ఉన్న సరుకు రోజూ వాడేవాళ్లలో సైకోసిస్ ముప్పు అసలు వాడనివాళ్లకన్నా అయిదు రెట్ల దాకా కనిపించింది. మన ఏజెన్సీ కొండల్లోంచి "శీలావతి" అనే పేరుతో దిగే సరుకులో ఎంతుందో తాగే పిల్లవాడికీ తెలియదు, అమ్మేవాడికీ తెలియదు. భంగు కూడా గంజాయి మొక్కదే. తిన్నది ఎక్కడానికి గంట, ఒక్కోసారి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని మళ్లీ తింటారు, ఆపైన రెండూ కలిసి ఎక్కుతాయి. శివరాత్రి, హోలీ దాటిన మర్నాడు క్యాజువాలిటీలో పనిచేసినవాళ్లకు ఇది బాగా తెలుసు.

మెథాంఫెటమైన్, కొకైన్ వేరే తరహా. ఇవి మెదడులో డోపమైన్‌ను పొంగిస్తాయి. స్కిజోఫ్రీనియాకు వాడే మందులు పనిచేసేదీ ఆ డోపమైన్ మీదే కనుక, ఈ మత్తుతో వచ్చే పిచ్చి స్కిజోఫ్రీనియాకు అచ్చుపోసినట్టు ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లో మెథాంఫెటమైన్ "హిరోపోన్" పేరుతో వీధుల్లోకి వచ్చినప్పుడు అక్కడి వైద్యులు ఈ జబ్బును పెద్ద ఎత్తున చూశారు. 1958లో లండన్‌లో కానెల్ అనే వైద్యుడు యాంఫెటమైన్ సైకోసిస్ మీద పుస్తకమే రాశాడు. అనుమానం ఇందులో ప్రధానం. చర్మం కింద పురుగులు పాకుతున్నాయని గోళ్లతో గీక్కుని పుళ్లు చేసుకున్న చేతులు చూస్తే నేను మొదట అడిగేది వీటి గురించే. మత్తు ఆగితే ఎక్కువమందికి రోజుల్లో, వారంలో తగ్గుతుంది. కానీ ఒకసారి వచ్చినవాడికి తర్వాత కొంచెం వాడినా, ఏమీ వాడకుండా నిద్ర చెడినా, గట్టి దెబ్బ తగిలినా మళ్లీ రావచ్చు.

ఎల్ఎస్‌డీలో రంగులు, ఆకారాలు కనిపిస్తాయి, చాలామందిలో గంటల్లో దిగిపోతుంది. మద్యానికి డెలీరియం కాకుండా ఇంకో జబ్బు ఉంది. ఏళ్ల తరబడి తాగినవాడికి స్పృహ తేటగా ఉండగానే తిట్టే గొంతులు వినిపిస్తాయి. యాభై దాటాక మొదటిసారి గొంతులు విన్న రైతును స్కిజోఫ్రీనియా అనేముందు సీసా లెక్క అడగాలి. ఫుట్‌పాత్ పిల్లలు గుడ్డలో పీల్చే సొల్యూషన్, వైట్‌నర్ కూడా మతి చెడగొడతాయి. హెరాయిన్ వంటి నల్లమందు జాతివి మాత్రం పట్టు వదలవు గానీ సైకోసిస్ తేవడం అరుదు.

డాక్టరు చీటీ మీద వచ్చేవీ ఉన్నాయి. ఉబ్బసానికో కిడ్నీ జబ్బుకో ప్రెడ్నిసొలోన్ ఎక్కువ మోతాదులో మొదలుపెట్టిన వారం పది రోజులకు ఒక పెద్దావిడ కోడలు విషం పెడుతోందంటే, అత్తాకోడళ్ల గొడవ అనుకోకండి. 1972 నాటి బోస్టన్ పరిశీలనలో రోజుకు 40 మిల్లీగ్రాముల లోపు వాడినవాళ్లలో నూటికి ఒకరికి మించి పెద్దగా మానసిక ఇబ్బందులు రాలేదు. 80 దాటినవాళ్లలో నూటికి పద్దెనిమిది మందికి వచ్చాయి. పార్కిన్సన్ జబ్బుకిచ్చే లీవోడోపా కూడా అంతే, డోపమైనే కదా.

5. నెల ఆగాలి, కానీ ఊరికే ఆగకూడదు.

కారణం తేలేదాకా మందు ఇవ్వకుండా కూర్చోవడం కుదరదు. నాలుగు రాత్రులు నిద్రలేని కుర్రవాడు, వెంటపడుతున్నారన్న భయంతో మేడ మీంచి దూకవచ్చు, మేనమామ మీద చెయ్యి చేసుకోవచ్చు. కారణం ఏదైనా తొలిరోజుల వైద్యం ఇంచుమించు ఒకటే. అతణ్ని చేర్చుకుని రాత్రికి లోరాజెపామ్, తక్కువ మోతాదులో ఓలంజపైన్ మొదలుపెట్టాం. మూడో రోజుకు నిద్రపట్టింది. ఆరో రోజుకు గొంతులు దూరమయ్యాయి, "పక్క వీధిలో మాట్లాడుతున్నట్టుంది" అన్నాడు. పదో రోజున కెమెరా సంగతి అడిగితే తల గోక్కుని, "అప్పుడు అలా అనిపించిందండి, ఇప్పుడు డౌటుగా ఉంది" అన్నాడు.

ఇక్కడే చిక్కు. తగ్గింది మత్తు ఆగినందుకా, మందు వేసినందుకా? రెండూ ఒకేరోజు మొదలైతే విడదీయడం ఎలా? అందుకే గుర్తించాల్సింది గొంతులు ఆగడం కన్నా, అవి ఆగాక మనిషి ఎలా మిగిలాడన్నది. మత్తుతో వచ్చిన సైకోసిస్ పోతే పాత మనిషి తిరిగొస్తాడు. చెల్లెలు వస్తే ముఖం విప్పారుతుంది, అటెండెన్స్ గురించి కంగారు పడతాడు, జరిగింది తలచుకుని సిగ్గుపడతాడు. స్కిజోఫ్రీనియాలో గొంతులు తగ్గినా ఒక వెలితి ఉండిపోతుంది. ముఖంలో భావం పలచబడుతుంది, మాట పొదుపవుతుంది, ఎవరి మీదా దేని మీదా ఆసక్తి ఉండదు, మాట ఒకచోట మొదలై సంబంధం లేని మరోచోట తేలుతుంది. మా కుర్రవాడు పదిహేనో రోజున వార్డు బాయ్‌తో ఐపీఎల్ గురించి వాదిస్తూ కనిపించాడు. ఆ కబురు నాకు ఏ పరీక్ష ఫలితం కన్నా ఎక్కువే చెప్పింది.

అమెరికన్ల డీఎస్ఎమ్ పుస్తకం ఇందుకు ఇంచుమించు నెల గడువు పెడుతుంది. మత్తు, దాని విరమణ పూర్తిగా దిగాక నెల దాటినా లక్షణాలుంటే వేరే జబ్బు గురించి ఆలోచించమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పదో వర్గీకరణ, లక్షణాలు నెలలోపు కొంతైనా తగ్గాలనీ, పూర్తిగా పోవడానికి ఆరు నెలలు పట్టొచ్చనీ అంటుంది. ఈ రెండింటికీ పడని కేసులు నేను చూశాను కనుక నెల అనేది గోడ మీద గీత అనుకోకండి. పైగా ఆ నెల నిజంగా మత్తు లేని నెలేనా అన్నది ఇంకో ప్రశ్న. పరామర్శకు వచ్చిన స్నేహితుడు వార్డు బాత్‌రూములోనే సిగరెట్టు చుట్టి ఇచ్చి పోయిన సందర్భాలున్నాయి. మూత్రపరీక్ష అసలు అక్కరకొచ్చేది ఇక్కడ.

6. నయమైనవాడినే ఎక్కువ కనిపెట్టుకోవాలి.

నన్ను ఇప్పటికీ బాధపెట్టేది దీన్ని ఆలస్యంగా తెలుసుకోవడం. డిగ్రీ చదివే ఒక పల్లెటూరి అబ్బాయి ఇవే లక్షణాలతో వచ్చాడు, మూత్రంలో గంజాయి తేలింది, రెండు వారాల్లో గొంతులు పోయాయి. "మత్తు మానితే చాలు, మాత్రలు నెల వాడి ఆపెయ్యండి" అని పంపేశాను. వాళ్ల నాయనమ్మ గుమ్మం దగ్గర ఆగి, "బాబూ, వాడు ఏడాదిన్నరగా పదిమందిలో కూర్చుని అన్నం తినడం మానేశాడు, నీళ్లు పోసుకోమంటే కసురుతున్నాడు" అంది. గంజాయి మొదలైంది ఆరు నెలల క్రితమే. రెండు గీతలు గీసి ఉంటే ఏది ముందో అక్కడే కనిపించేది. ఆ ముసలమ్మ చెప్పింది స్కిజోఫ్రీనియా రాబోయే ముందు తరచూ కనిపించే దశ. కుర్రవాడు గంజాయి నిజంగానే మానేశాడు. రెండేళ్లకు జుట్టు అట్టలు కట్టి, ఎవరితోనూ మాట్లాడని స్థితిలో మళ్లీ తెచ్చారు. గంజాయి మానాడు కదా, అదే తగ్గుతుందని ఇంట్లోవాళ్లు అంతకాలం ఎదురుచూశారు. అలా ఎదురుచూడమని చెప్పింది నేనే. వైద్యం లేకుండా గడిచిన కాలం పెరిగేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. అతని విషయంలో అలాగే అయింది.

చరిత్ర సరిగ్గా తీసి, నిజంగా మత్తు వల్లే అని తేల్చిన కేసులు కూడా తేలికైనవి కావని ఆ తర్వాత వచ్చిన లెక్కలు చెప్పాయి. మత్తుతో సైకోసిస్ వచ్చి తగ్గినవాళ్లను ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలన్నిటినీ కలిపి 2020లో చూస్తే, మొత్తం మీద నలుగురిలో ఒకరికి తర్వాత స్కిజోఫ్రీనియా నిర్ధారణ అయింది. గంజాయి కేసుల్లో ముగ్గురిలో ఒకరికి. యాంఫెటమైన్‌లో నూటికి ఇరవై రెండు, మద్యంలో అంతకన్నా బాగా తక్కువ. డెన్మార్క్ రికార్డుల్లో, స్కిజోఫ్రీనియాకు మారినవాళ్లలో సగం మంది ఇంచుమించు మూడేళ్లలో మారారు. ఈ లెక్క తెలిశాక నేను ఎవరికీ "ఇక రానక్కర్లేదు" అని చెప్పలేదు. మందు ఆపినా మూడు నాలుగేళ్లు రమ్మనేవాణ్ని.

మరి గంజాయి స్కిజోఫ్రీనియాను తెస్తుందా, లేక రాబోయేవాడే గంజాయి వైపు వెళ్తాడా? స్వీడన్‌లో 1969-70లో సైన్యానికి పిలిచిన నలభై అయిదు వేలమందికి పైగా కుర్రవాళ్లను పదిహేనేళ్లు గమనించి 1987లో ప్రకటించారు. యాభైసార్లకు మించి గంజాయి తాగామన్నవాళ్లలో స్కిజోఫ్రీనియా ఆరు రెట్లు. దాని మీద వాదనలు ఇంకా ఆగలేదు. గంజాయి తాగే ఎక్కువమందికి స్కిజోఫ్రీనియా రాదు, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్లలో ఎంతోమంది జన్మలో గంజాయి ముట్టలేదు. వంశంలో ముప్పు ఉన్నవాడికి అది జబ్బును ముందుకు లాగుతుందని నా నమ్మకం. అందుకే రెండు గీతల కాగితం మీద మూలన "మేనత్త? బాబాయి? ఇంటి నుంచి వెళ్లిపోయినవాళ్లు?" అని రాసుకునేవాణ్ని. మన ఇళ్లలో స్కిజోఫ్రీనియా ఉన్న మనిషిని ఆ పేరుతో చెప్పరు. "మా బాబాయి సన్యాసుల్లో కలిసిపోయాడు" అంటారు.

7. ఇంటికి పంపేటప్పుడు రోగం పేరు కన్నా గుర్తులు చెప్పాలి.

ఆ ఇంజనీరింగ్ కుర్రవాడి తల్లికి నేను చెప్పింది ఇంతే. మళ్లీ వస్తే ముందు పోయేది నిద్ర. రెండు రాత్రులు వరసగా నిద్రపోకపోతే, ఫోన్ల మీద, తలుపుల మీద కొత్తగా అనుమానం మొదలైతే, మూడో రాత్రి దాకా ఆగొద్దు. భూతవైద్యుడి దగ్గరకు వెళ్లాలనిపిస్తే వెళ్లండి, మాత్ర మాత్రం ఆపకండి. గంజాయి ఎంత తక్కువైనా ఇతనికి పనికిరాదు, స్నేహితులకు ఏమీ కాలేదన్నది ఇతని విషయంలో లెక్కలోకి రాదు. దగ్గరలో డాక్టరు లేకపోతే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

తండ్రి మాత్రం చివరిదాకా పేరు అడిగాడు. "ఇవాళ్టికి ఇది గంజాయితో వచ్చిన సైకోసిస్. మాత్ర ఆపాక కూడా బాగుంటే ఆ మాటే గట్టిపడుతుంది. మారితే మీకంటే ముందు నేనే చెప్తాను" అన్నాను. ఆయనకు అది నచ్చలేదు. ఆరు నెలలకు మోతాదు మెల్లగా తగ్గించి మాత్ర ఆపాం. ఏడాది బాగా గడిచింది. తర్వాత ఎవరిదో పుట్టినరోజు పార్టీలో రెండు దమ్ములు లాగాడట. ఆ రాత్రి నిద్రపోలేదు, మర్నాడు రాత్రీ లేదు. తెల్లవారేసరికి తల్లి ఫోన్: "డాక్టరుగారూ, మళ్లీ మొదలైంది, వాడు రౌటరు ప్లగ్గు పీకేశాడు." ఈసారి చేర్చుకోవాల్సిన అవసరం రాలేదు. పాత మాత్ర మొదలుపెట్టాం, అయిదారు రోజుల్లో సర్దుకున్నాడు.

అదీ మత్తు వెంటే వచ్చి మత్తుతోనే పోయింది కనుక మొదటి నిర్ధారణ అలాగే ఉంది. రెండోసారి అంత కొద్ది మోతాదుకే రావడం నాకు నచ్చలేదు. ఇప్పుడతను ఉద్యోగంలో ఉన్నాడు, మాత్రలు లేవు. నేను రిటైరయ్యేటప్పుడు అతని కేస్ షీటును నా తర్వాత వచ్చిన అమ్మాయికి అప్పజెప్పాను. రెండు గీతల కాగితం దానికి పిన్ను చేసి ఉంది. ఆరు నెలలకోసారి ఆమె దాన్ని పొడిగిస్తోంది.